థైరాయిడ్ మాత్ర పక్కన ఇంకేం వేసుకుంటున్నారు?

థైరాయిడ్ గ్రంథి మందగించిన పెద్దవాళ్లలో చాలామందికి వైద్యం ఒక్క మాత్రతో సరిపోతుంది. దాని పేరు లెవోథైరాక్సిన్. మన ఇళ్లలో అందరూ దాన్ని థైరాయిడ్ మాత్ర అనే అంటారు. డోసు ఒకసారి కుదిరిందంటే ఏళ్ల తరబడి అదే డోసుతో నడిచిపోతుంది. అలా నడుస్తున్న మనిషికి ఉన్నట్టుండి టీఎస్‌హెచ్ పెరిగి, డోసు పెంచినా దిగిరాకపోతే, గ్రంథి ఇంకా పాడైపోయిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అలాంటివాళ్లు వచ్చినప్పుడు డోసు మాట ఎత్తేముందు నేను రెండు పనులు చేస్తాను. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ తెమ్మంటాను. పొద్దున లేచినప్పటినుంచి టిఫిన్ అయ్యేదాకా ఏం చేస్తారో వరసగా చెప్పమంటాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇలాంటివాళ్లలో తరచూ కనిపించే తీరును ఒకే మనిషి కథగా చెబుతాను, వివరం తెలియడం కోసం. నలభై ఆరేళ్ల గృహిణి అనుకుందాం. బరువు 62 కిలోలు. ఆరేళ్లుగా రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటోంది. టీఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా 2కీ 3కీ మధ్యనే ఉండేది. ఏడాది క్రితం నెలసరి రక్తస్రావం ఎక్కువై హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది. ఒక డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. మోకాళ్ల నొప్పులని ఇంకొకరి దగ్గరికి వెళితే కాల్షియం రాశారు. మూడు నెలలకు టీఎస్‌హెచ్ 9.8 వచ్చింది. డోసు 100 చేశారు. రెండు నెలలు ఆగి చూస్తే 7.6. మళ్లీ పెంచి 125 చేశారు. అప్పుడూ 6.4. ఒంట్లో నీరసం, మలబద్ధకం, చలి ఓర్చుకోలేకపోవడం, జుట్టు రాలడం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇక్కడ మొదటి ఆధారం చిన్న లెక్క. గ్రంథి పూర్తిగా ఆగిపోయిన మనిషికి కూడా కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాముల మందు చాలు. ఆవిడ బరువుకు అది దాదాపు 100 మైక్రోగ్రాములు. ఆరేళ్లుగా 75తో గడిచిపోయిన మనిషికి 125 కూడా చాలడం లేదంటే, నోట్లోకి వెళ్తున్న మందుకూ రక్తంలోకి చేరుతున్న మందుకూ మధ్య ఎక్కడో గండి పడిందన్నమాట.

రెండో ఆధారం ఫ్రీ టీ4 పరీక్ష. రోజూ మాత్రలు మరిచిపోతూ, పరీక్ష దగ్గరపడ్డాక నాలుగు రోజులు బుద్ధిగా వేసుకునేవాళ్లు ఉంటారు. ఫ్రీ టీ4 త్వరగా పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. కాబట్టి వాళ్ల రిపోర్టులో టీ4 బాగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువ కనిపిస్తుంది. మన గృహిణికి టీ4 కూడా కిందిగీతకు ఆనుకునే ఉంది. అంటే మాత్ర మరిచిపోవడం లేదు, అది ఒంటికి పట్టడం లేదు.

“పొద్దున్నే ఎలా వేసుకుంటారమ్మా?” అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. “ఆరింటికి పరగడుపునే వేసేసుకుంటానండీ, ఒక్కరోజు కూడా మానను. మళ్లీ మరిచిపోతానేమోనని మిగతావి కూడా దాంతోనే మింగేస్తాను.” మిగతావి అంటే ఐరన్, కాల్షియం, వాటికి తోడు గ్యాస్ మాత్ర. అరగంట తిరక్కుండానే గ్లాసు నిండా రాగి జావ. ఆవిడ తప్పేమీ చేయలేదు. మాత్ర పరగడుపున వేసుకోమని చెప్పారు, అలాగే వేసుకుంది. పక్కన ఏవి వేసుకోకూడదో ఎవరూ చెప్పలేదు.

లెవోథైరాక్సిన్ పేగుల్లో, ముఖ్యంగా చిన్నపేగులో, ఒంటికి పడుతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా వేసుకున్నదాంట్లో 60 నుంచి 80 శాతమే రక్తంలోకి వెళ్తుంది. అదే సమయానికి కాల్షియం కార్బొనేట్ కడుపులో ఉంటే మందు దాని రేణువులకు అంటుకుపోతుంది. ఐరన్ ఉంటే దానితో కలిసి పేగు పీల్చుకోలేని ముద్దగా మారుతుంది. ఆ మందు అలాగే మలంతో బయటికి పోతుంది. మాత్ర నిజంగానే మింగింది కాబట్టి తనకు అనుమానమే రాదు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మాత్రతో టీఎస్‌హెచ్ అదుపులో ఉన్న 14 మందికి థైరాయిడ్ మాత్రతో పాటే 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ ఇచ్చారు. డోసు మార్చలేదు. 12 వారాల్లో వాళ్ల సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి ఎగబాకింది. 2000లో వచ్చిన మరో అధ్యయనంలో 20 మందికి మూడు నెలలపాటు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చారు. వాళ్లలో టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కి పెరిగింది, కాల్షియం ఆపేశాక మళ్లీ దిగింది. రెండూ చిన్న అధ్యయనాలే, అయినా చెప్పిన సంగతి ఒకటే. సగటున చూస్తే కాల్షియం కంటే ఐరన్ దెబ్బ గట్టిదని కూడా వీటిలో కనిపిస్తుంది.

ఈ కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది అందులోని చుట్టు. థైరాయిడ్ తగ్గితే నెలసరి రక్తస్రావం పెరుగుతుంది. రక్తం పోతే రక్తహీనత వస్తుంది. దానికి ఐరన్ రాస్తారు. ఆ ఐరన్ థైరాయిడ్ మాత్రను అడ్డుకుంటే థైరాయిడ్ ఇంకా తగ్గుతుంది, రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. పైగా నీరసానికి రెండు జబ్బులూ కారణమే కాబట్టి, ఐరన్ వేసుకున్నా నీరసం తగ్గలేదని ఇంకో స్ట్రిప్పు కొంటారు. ఐరన్ మానేస్తే చాలదా అంటే కుదరదు. ఆవిడకు ఐరన్ నిజంగానే అవసరం. థైరాయిడ్ హార్మోను తయారుచేసే ఎంజైముకు కూడా ఇనుము కావాలి. మార్చాల్సింది వేళలే.

నియమం సులువు. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం లేదా ఐరన్‌కూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. నాలుగు గంటలు గడిచేసరికి థైరాయిడ్ మాత్ర దాదాపుగా పేగులు దాటి రక్తంలో కలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన కాల్షియం దాన్ని ఏమీ చేయలేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఐరన్‌కూ కాల్షియానికీ కూడా ఒకదానితో ఒకటి పొసగదు. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతోనే బాగా కరుగుతుంది. ఐరన్‌కేమో ఖాళీ కడుపు మంచిది. ఈ మూడింటినీ ఒకే రోజులో ఇమడ్చాలి.

మన గృహిణికి కుదిరిన వరస ఇది. పొద్దున అయిదున్నరకు లేచీ లేవగానే థైరాయిడ్ మాత్ర, గ్లాసుడు మంచినీళ్లతో. ఆరున్నర దాటాక కాఫీ. ఎనిమిదిన్నరకు టిఫిన్. పదకొండున్నరకు, అంటే థైరాయిడ్ మాత్ర వేసుకున్న ఆరు గంటలకు, ఐరన్ మాత్ర నిమ్మరసం కలిపిన నీళ్లతో. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. రెండు గంటలు గడిచాక మధ్యాహ్న భోజనంతో ఒక కాల్షియం, రాత్రి భోజనంతో రెండోది. రాగి జావను సాయంత్రానికి మార్చింది. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. అది మంచి ఆహారమే. థైరాయిడ్ మాత్ర వెనకాలే తాగడమే తగదు.

కాఫీ సంగతి కొంచెం నొక్కి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఇక్కడే ఎక్కువ జారుడు జరుగుతుంది. కాఫీ కూడా మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, అందులో పాలుంటే కాల్షియమూ కలుస్తుంది. మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఆగలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. రాత్రి భోజనం చేసిన మూడు గంటల తర్వాత, పడుకునేముందు వేసుకోవచ్చు. అదీ బాగానే పనిచేస్తుందని అధ్యయనాల్లో తేలింది. కాకపోతే తొమ్మిదిన్నరకు అన్నం తిని పదింటికి పడుకునే ఇళ్లలో అది కుదిరే పని కాదు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళకు వేసుకోవాలి. తాంబూలం అలవాటున్న పెద్దవాళ్లను నేను సున్నం గురించి కూడా అడుగుతాను. సున్నమూ కాల్షియమే కదా.

గ్యాస్ మాత్రల కథ వేరు. పాంటొప్రజోల్ లాంటివి మందును పట్టుకుని ఆపేయవు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, మాత్ర సరిగా కరగకుండా చేస్తాయి. కాబట్టి వాటిని నాలుగు గంటలు దూరం జరిపినంత మాత్రాన సమస్య తీరకపోవచ్చు. అసలు ఆ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడగాలి. అవసరమైతే దానికి తగ్గట్టు డోసు సరిచేస్తారు. వేళలన్నీ దిద్దుకున్నాక కూడా టీఎస్‌హెచ్ దిగకపోతే అప్పుడు కడుపులోని పుండ్లకు కారణమయ్యే హెచ్. పైలోరీ సూక్ష్మక్రిమి, గోధుమ పడని సీలియాక్ జబ్బు లాంటివి వెతకాలి.

ఇప్పుడు ఉప్పు సంగతి. థైరాయిడ్ వచ్చిందని తెలియగానే ఎవరో చెబితే మన గృహిణి ఇంట్లో ఉప్పు మార్చేసింది. మామూలు ప్యాకెట్ ఉప్పు పోయి గులాబీరంగు సైంధవ లవణం వచ్చింది. ఆవకాయకు ఎలాగూ కళ్లుప్పే. సైంధవ లవణంలో సహజంగా ఉండే అయోడిన్ చాలా స్వల్పం. విడిగా కలిపితే తప్ప అది లెక్కలోకి రాదు.

మన దేశంలో ఉప్పులో అయోడిన్ కలపడం వెనక ఒక తెలుగువాడి కృషి ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1950లలో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో గొంతువాపు ఇంటింటా ఉండేది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపు బాగా తగ్గింది. 1962లో దేశవ్యాప్తంగా గొంతువాపు నివారణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మనం తినే ఉప్పులో వినియోగదారుడి చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది నిబంధన. అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది దాదాపు 150 మైక్రోగ్రాములు. పాలు, గుడ్లు, చేపలనుంచి కొంత వస్తుంది, మిగతాది ఉప్పునుంచే రావాలి. ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటే అది అయోడిన్ కలిపిన ఉప్పని గుర్తు.

మరి ఉప్పు మార్చడం వల్ల ఆవిడ టీఎస్‌హెచ్ పెరిగిందా? లేదు. గ్రంథి పనిని చాలావరకు మాత్రే చేస్తున్నప్పుడు ఉప్పులో అయోడిన్ తగ్గినా టీఎస్‌హెచ్ అంతగా కదలదు. మాత్రలో ఉన్నది తయారైన హార్మోను. దాని బరువులో దాదాపు 65 శాతం అయోడినే. సైంధవ లవణం వల్ల నష్టపోయేది ఆ ఇంట్లో మిగతావాళ్లు. ముఖ్యంగా కొత్తగా పెళ్లయి, బిడ్డ కోసం చూస్తున్న కూతురు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తల్లి థైరాయిడ్ కోసం మార్చిన ఉప్పు, థైరాయిడ్ జబ్బే లేని కూతురికి చెరుపు చేయగలదు. అందుకే పెద్దవాళ్లను పరీక్షించేటప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఆ వంట తింటున్నారో కూడా అడగాలి.

దీనికి అవతలి కొస కూడా ఉంది. థైరాయిడ్ అంటే అయోడిన్ లోపమే అనుకుని అయోడిన్ చుక్కలు, సముద్రనాచు మాత్రలు కొనేవాళ్లున్నారు. అయోడిన్ ఉప్పు వాడే చోట్ల పెద్దవాళ్లలో గ్రంథి మందగించడానికి ముఖ్య కారణం హషిమోటో జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం అది. యాంటీ టీపీఓ పరీక్షలో తెలుస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ అయోడిన్ వచ్చి పడితే ఆరోగ్యమైన గ్రంథి కొద్దిరోజులు హార్మోను తయారీ ఆపి, మళ్లీ తేరుకుంటుంది. హషిమోటో ఉన్న గ్రంథి ఆ ఆగడం నుంచి తేరుకోలేకపోవచ్చు. ఒక్కో సముద్రనాచు మాత్రలో రోజు అవసరానికి ఎన్నో రెట్లు అయోడిన్ ఉండొచ్చు. కూరలో వేసే అయోడిన్ ఉప్పుకు మాత్రం భయపడక్కర్లేదు. ఒక్కసారి మూత్రంలో అయోడిన్ కొలిపించుకుని ఒక మనిషికి లోపం ఉందో లేదో తేల్చుకోవడం కూడా కుదరదు. అది రోజురోజుకూ మారిపోతుంది. ఒక ఊరి పరిస్థితి తెలుసుకోవడానికి ఆ పరీక్ష పనికొస్తుంది.

ఆవిడ సంచిలో చివరగా బయటపడింది జుట్టు రాలకుండా వాడే మాత్రల డబ్బా. అందులో సెలీనియం, బయోటిన్ ఉన్నాయి. అది కాక థైరాయిడ్‌కు మంచిదని ఎవరో చెబితే విడిగా ఇంకో సెలీనియం మాత్ర. సెలీనియం థైరాయిడ్‌కు కావలసినదే. టీ4ను ఒంటికి పనికొచ్చే టీ3గా మార్చే ఎంజైములు సెలీనియం లేకుండా పనిచేయవు. కానీ కావలసింది చాలా కొంచెం, పెద్దవాళ్లకు రోజుకు సుమారు 40 నుంచి 55 మైక్రోగ్రాములు. ఒక గుడ్డులో 15 దాకా ఉంటుంది. చేపలు, మాంసం, పప్పులు, ధాన్యాల నుంచి మిగతాది వస్తుంది. ధాన్యంలో ఎంత ఉంటుందన్నది అది పండిన నేలను బట్టి మారుతుంది. బ్రెజిల్ నట్స్ తినేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. ఒక్క గింజలోనే రోజుకు సరిపడా సెలీనియం ఉండొచ్చు.

హషిమోటో ఉన్నవాళ్లకు రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇస్తే యాంటీబాడీల సంఖ్య తగ్గిందని కొన్ని పరిశోధనల్లో కనిపించింది. అయితే యాంటీబాడీలు తగ్గినంత మాత్రాన నీరసం తగ్గుతుందనీ, థైరాయిడ్ మాత్ర డోసు తగ్గించవచ్చనీ గట్టిగా రుజువు కాలేదు. కాబట్టి మామూలుగా తిండి తింటున్న మనిషికి నేను సెలీనియం మాత్ర రాయను. అసలు భయం ఏమిటంటే, సెలీనియం ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాల్లో మొదటివి జుట్టు రాలడం, గోళ్లు పెళుసెక్కడం. జుట్టు రాలుతోందని వేసుకున్న మాత్రే జుట్టు రాలగొడుతుంటే, థైరాయిడ్ ఇంకా తగ్గలేదేమోనని ఇంకో మాత్ర వేసుకుంటారు. 2008లో అమెరికాలో తయారీలో పొరపాటు జరిగి, లేబుల్ మీద రాసినదానికి దాదాపు 200 రెట్లు సెలీనియం ఉన్న ఒక టానిక్ తాగి 201 మంది జబ్బుపడ్డారు. విరేచనాలు, నీరసం, కీళ్ల నొప్పులతో పాటు వాళ్లలో ఎక్కువమందికి జుట్టు ఊడిపోయింది. ఇన్ని సీసాల్లో ఏమేం ఉందో రెండు లేబుళ్లనూ కలిపి చదివితేనే రోజు మొత్తం లెక్క తేలుతుంది. ఈవిడ విషయంలో రెండూ కలిసి 270 మైక్రోగ్రాములు, తిండిలోది కాకుండా. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 255. రెండూ ఆపించాను.

బయోటిన్‌తో చిక్కు ఇంకో రకం. అది గ్రంథికి హాని చేయదు, పరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది. కొన్ని ల్యాబుల్లో వాడే పద్ధతిలో, ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే మనిషి ఇంకా మందగిస్తుంది. రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు బయోటిన్ ఆపాలి. థైరాయిడ్ మాత్రను కూడా ఆ పొద్దున రక్తం ఇచ్చాకే వేసుకుంటే ఫ్రీ టీ4 సరిగ్గా తెలుస్తుంది.

వేళలు మార్చుకునేటప్పుడు చాలామంది మరిచిపోయే ప్రమాదం ఒకటి ఉంది. ఇన్నాళ్లూ 125 మైక్రోగ్రాముల్లో సగం వృథాగా పోయేది. రేపటినుంచి అది మొత్తం ఒంటికి పడితే డోసు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. వయసు మళ్లినవాళ్లలో గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. అందుకని వేళలు దిద్దిన రోజే డోసును కూడా డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి, సొంతంగా మార్చకూడదు. ఈవిడకు పూర్వం నిలకడగా సరిపోయిన 75కే తగ్గించి, ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూశాం. అంతకంటే ముందు చూసి లాభం లేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కొత్త మట్టం స్థిరపడ్డాక టీఎస్‌హెచ్ సర్దుకోవడానికి ఇంకొన్ని వారాలు కావాలి. ఫలితం 2.9 వచ్చింది. హిమోగ్లోబిన్ 11 దాటింది. నెలసరి రక్తస్రావం ఇంకా కొంచెం ఎక్కువగానే ఉంది కాబట్టి ఆవిడను గర్భాశయంలో గడ్డలేమైనా ఉన్నాయేమో చూడమని స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపాం.